పావు కిలో తెలిసిన పిల్లలకు నాలుగో వంతు ఎందుకు రాదు?
(వార్షిక సభలో ఒక ఉపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)



మీరు నడిపిస్తున్న సాయంత్రపు తరగతిలో పిల్లలకు ఏం చెబుతున్నామని చాలామంది అడుగుతుంటారు. ఒక్క పాఠం గురించి చెబుతాను. నలభై నిమిషాల భిన్నాల పాఠం.

మన రహమత్ నగర్ గల్లీల్లో ఎనిమిదేళ్ల పిల్ల కూడా దుకాణానికి వెళ్లి పావు కిలో కందిపప్పు తెస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు పావ్, ఆధా, పౌన్ అంటారు. తెలుగువాళ్లు పావు, అర, ముప్పావు అంటారు. అర కిలో కంటే పావు కిలో తక్కువని అందరికీ తెలుసు. కానీ అదే పిల్ల నోటుబుక్కులో 1/2 కంటే 1/4 పెద్దదని రాస్తుంది. ఎందుకంటే రెండు కంటే నాలుగు పెద్దది కదా! కొన్నేళ్లు నేను హారం, లవం అని నిర్వచనాలే చెప్పాను. ముందు వరుసలో నలుగురు జవాబు చెబితే తరగతి మొత్తానికి వచ్చిందనుకున్నాను. ఆ తప్పు నాదే.

ఇప్పుడు మూడు నుంచి ఐదో తరగతి వరకు పిల్లలు ఒకే గదిలో ఉంటారు. అందుకే పాఠానికి ఒక్కటే లక్ష్యం పెట్టుకుంటాను: 1/3, 1/4 లలో ఏది పెద్దదో చెప్పి, ఎందుకో చూపించాలి. కావాలనే మూడో వంతు తీసుకున్నాను. దుకాణంలో దానికి పావు లాంటి వాడుక మాట లేదు. కాబట్టి పిల్లలు అలవాటుతో చెప్పలేరు, ఆలోచించాలి.

మొదటి ఆరు నిమిషాలు ప్రారంభం. కాగితపు రొట్టెను ఒక ముక్క పెద్దదిగా, ఒక ముక్క చిన్నదిగా చింపి, "ఇది సగమేనా?" అని అడుగుతాను. అవునంటే చెయ్యెత్తాలి, కాదంటే చేతులు కట్టుకోవాలి. ఆ తర్వాత బోర్డు మీద 1/2, 1/4 రాసి ఏది పెద్దదని అడుగుతాను. ఎవరు ఎక్కడున్నారో ఆ చేతులే చెబుతాయి. గుంపులు అప్పుడే చేస్తాను. అవి ఆ రోజుకే. "తెలివైన గుంపు" అనే పేరు ఎవరికీ పెట్టను.

తర్వాత పది నిమిషాలు అందరికీ ఒకే పని. ఒక్కొక్కరికీ 24 సెంటీమీటర్ల కాగితపు పట్టీలు మూడు. ఒకదాన్ని రెండుగా, ఒకదాన్ని మూడుగా, ఒకదాన్ని నాలుగుగా మడవాలి. మూడుగా మడవడం చిన్న చేతులకు కష్టం, అందుకే 8, 16 సెంటీమీటర్ల దగ్గర ముందే పెన్సిల్‌తో గీతలు పెడతాను. పట్టీలు ఒకదాని కింద ఒకటి పెడితే ముక్కలు 12, 8, 6 సెంటీమీటర్లు. పంచుకునేవాళ్లు పెరిగితే వాటా తగ్గుతుందని కళ్లకే కనిపిస్తుంది.

తర్వాతి పదహారు నిమిషాలు అభ్యాసం. మొదటి గుంపు ఒక్కో ముక్కకు రంగు వేసి పేరు రాస్తుంది. సగం సమయం నేను వాళ్ల దగ్గరే కూర్చుంటాను. రెండో గుంపు పట్టీ చూడకుండా 1/2, 1/6, 1/3, 1/4 లను వరుసలో పెట్టి, తర్వాత మడిచి సరిచూసుకుంటుంది. మూడో గుంపుకు 2/3, 3/4 లలో ఏది పెద్దదన్న ప్రశ్న. ఒక అమ్మాయి పట్టీ ముట్టకుండానే చెప్పింది: "టీచర్, దీంట్లో మూడో వంతు తక్కువ, దాంట్లో నాలుగో వంతే తక్కువ. తక్కువ మిగిలిందే పెద్దది." ఆమె చెప్పింది నిజం.

చివరి ఎనిమిది నిమిషాలు చీటీ పరీక్ష. మార్కులుండవు. 1/3, 1/4 లలో పెద్దదాన్ని గుర్తించి, బొమ్మ గీయాలి. చీటీ ఇచ్చాకే ఇంటికి.

బొమ్మ ఎందుకంటే, రెండు చీటీలు చెబుతాను. రెండింట్లోనూ 1/4 పెద్దదనే ఉంది. ఒక బాబు పట్టీలు సమానంగా గీశాడు, ముక్కలు సరిగానే చేశాడు, కానీ బొమ్మ చూడకుండా అంకె చూసి రాశాడు. ఇంకో బాబు నాలుగు ముక్కల పట్టీని పొడుగ్గా, మూడు ముక్కల పట్టీని పొట్టిగా గీశాడు. అతని బొమ్మలో నిజంగానే నాలుగో వంతు పెద్దది! అతనికి పోల్చడం వచ్చు. రెండు పట్టీలూ ఒకే పొడవు ఉండాలన్నదే తెలియదు. మరునాడు మొదటి బాబుతో బొమ్మ చూసి చదివించాను. రెండో బాబుకు పెద్ద రొట్టె, చిన్న రొట్టె ఇచ్చి, "దీని పావూ దాని పావూ ఒకటేనా?" అని అడిగాను. తప్పు ఒకటే, మందులు వేరు. బొమ్మ లేకపోతే ఇద్దరికీ ఒకే మందు ఇచ్చేదాన్ని.

ఈ నలభై నిమిషాల్లో కూడికలు రావు, తుల్య భిన్నాలు రావు. వాటికి వేరే రోజులు కావాలి. పాఠానికి కావలసింది కాగితం, కత్తెర, రంగులు. అభ్యాసం వేళ మిగతా గుంపుల దగ్గర కూర్చోవడానికి ఇంకో మనిషి ఉంటే ఎంతో మేలు. ఈసారి మా తరగతికి వచ్చినప్పుడు ఎంతమంది పాసయ్యారని అడగకండి. ఆ రోజు చీటీలు చూపించమనండి. కట్టలు కట్టి దాచి ఉంచాను.

సెలవు.