ఒక వాయువు, మూడు వేగాలు

మనకు చదువు చెప్పిన మాస్టారు ఎంతో ఇష్టంగా చెప్పిన పాఠాల్లో వాయువుల గతిజ సిద్ధాంతం ఒకటి. ఆ సిద్ధాంతంలోంచి ఒక్క ప్రశ్న తీసుకుని దాని చరిత్రను ఈ సాయంత్రం మీ ముందు ఉంచుతాను. వాయువులో అణువులు ఎంత వేగంతో తిరుగుతున్నాయని ఎవరైనా అడిగితే, మనం ఏ వేగం చెప్పాలి?

ఈ కథకు మన దేశంతో కొంచెం సంబంధం ఉంది. జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ అనే స్కాట్లండ్ మనిషి ఈస్టిండియా కంపెనీ నౌకాదళంలో చేరబోయే కుర్రవాళ్లకు బొంబాయిలో పాఠాలు చెప్పేవాడు. అణువుల వేగాల వర్గ సగటుకూ వాయువు ఉష్ణోగ్రతకూ ఉన్న సంబంధాన్ని వివరిస్తూ 1845లో లండన్ రాయల్ సొసైటీకి ఒక పత్రం పంపాడు. పరిశీలించిన పెద్దలు దాన్ని పనికిరాదని పక్కన పెట్టారు. ఆయన 1883లో చనిపోయాడు. పత్రం పూర్తిగా అచ్చయింది 1892లో, లార్డ్ రేలీ దాన్ని పాత కాగితాల్లోంచి వెలికి తీశాక. అంత మంచి పని అన్నేళ్లు చీకట్లో ఉండిపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఈలోగా 1857లో జర్మన్ శాస్త్రజ్ఞుడు క్లౌసియస్ అదే దారిన లెక్క కట్టాడు. సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆక్సిజన్ అణువుల వేగం సెకనుకు 461 మీటర్లు, నైట్రోజన్‌ది 492, హైడ్రోజన్‌ది 1844 అని తేల్చాడు. వెంటనే డచ్చి శాస్త్రజ్ఞుడు బైస్ బాలట్ అభ్యంతరం లేవనెత్తాడు. అణువులు అంత వేగంగా పోతుంటే, గదిలో ఒక మూల విడిచిన వాయువు వాసన రెండో మూలకు చేరడానికి అంతసేపు ఎందుకు పడుతుందని అడిగాడు. అణువు ఎంతో దూరం పోకముందే మరో అణువును గుద్దుకుని దారి మళ్లుతుందని క్లౌసియస్ 1858లో జవాబిచ్చాడు. ఆ జవాబులోనే అసలు చిక్కు ఉంది. గుద్దుకున్న ప్రతిసారీ వేగాలు మారతాయి. అలాంటప్పుడు అన్ని అణువులూ ఒకే వేగంతో ఎలా ఉంటాయి? ఉండవని క్లౌసియస్‌కు తెలుసు. అయినా సగటుతోనే లెక్క నడిపాడు.

క్లౌసియస్ జవాబు పత్రానికి ఇంగ్లీషు అనువాదం అబర్డీన్‌లో పాఠాలు చెబుతున్న జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ చేతికి వచ్చింది. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. ఏ అణువు ఎటు పోతోందో వెతకడం మానేసి, ఏ వేగంతో ఎన్ని అణువులున్నాయని అడగడమే ఆయన చేసిన పని. 1859 సెప్టెంబరులో అబర్డీన్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సభలో ఈ పని గురించి పత్రం చదివాడు, దాన్ని మరుసటి ఏడాది అచ్చు వేయించాడు. ఆయన వాదన చిన్నది. వేగాన్ని మూడు దిశల్లో భాగాలుగా విడదీస్తే ఒక దిశలోని భాగం మరో దిశలోని భాగాన్ని పట్టించుకోదు, ఏ దిశకూ ప్రత్యేకత లేదు. ఈ రెండే ఒప్పుకుంటే, ప్రతి దిశలోని భాగానికీ గంట ఆకారపు వక్రం వస్తుంది. దాని శిఖరం సున్నా దగ్గర ఉంటుంది.

ఇక్కడ విద్యార్థులు తడబడతారు. ప్రతి దిశలోనూ సున్నాకే ఎక్కువ అవకాశం ఉంటే, అణువుల్లో ఎక్కువ భాగం కదలకుండా నిలబడాలి కదా అంటారు. అలా జరగదు. మొత్తం వేగం సున్నా కావాలంటే మూడు భాగాలూ ఒకేసారి సున్నా కావాలి, దానికి ఒకటే మార్గం. సెకనుకు 400 మీటర్ల వేగం రావడానికి మాత్రం లెక్కలేనన్ని దిశలున్నాయి. వేగం పెరిగేకొద్దీ ఆ మార్గాలు వేగం వర్గంతో పాటు పెరుగుతాయి, గంట వక్రం మాత్రం పడిపోతూ ఉంటుంది. ఈ రెండింటి పోటీలో వక్రం సున్నా దగ్గర మొదలై, ఒక శిఖరం ఎక్కి, కుడివైపు పొడవాటి తోకతో దిగుతుంది.

ఆ తోక వల్లే మూడు వేగాలు విడిపోయాయి. ఐదు అణువులే ఉన్నాయనుకోండి, వేగాలు 300, 400, 400, 500, 700. ఎక్కువసార్లు కనబడేది 400. సగటు 460. వేగాలను వర్గం చేసి, సగటు తీసి, వర్గమూలం కడితే 480 వస్తుంది. వర్గం చేసినప్పుడు 700 బరువు మిగతావాటి కన్నా బాగా పెరిగిపోతుంది, అందుకే ఈ మూడోది అన్నిటికన్నా పెద్దది. వక్రం శిఖరం దగ్గరున్నది గరిష్ఠ సంభావ్యతా వేగం. అణువులు గోడనో, ఒకదాన్నొకటో ఎన్నిసార్లు గుద్దుకుంటాయన్నది సగటు వేగం చెబుతుంది. పీడనానికీ శక్తికీ కావలసింది వర్గ మధ్యమ మూల వేగం. క్లౌసియస్ ఇచ్చిన 461 ఈ మూడో రకమే.

నైట్రోజన్‌ను 300 కెల్విన్ దగ్గర, అంటే మన వేసవి గది వేడిలో చూద్దాం. మూడు వేగాలూ సెకనుకు 422, 476, 517 మీటర్లు. ఇప్పుడు 1200 కెల్విన్‌కు వేడి చేయండి. ఉష్ణోగ్రత నాలుగింతలైతే వేగాలు రెండింతలే అవుతాయి: 844, 952, 1034. మూడింటి నిష్పత్తి ఎక్కడైనా ఒకటే. కానీ అణువుల సంఖ్య మారదు కాబట్టి వక్రం కింది వైశాల్యం మారకూడదు. అందుకే వక్రం పక్కకు సాగి, శిఖరం సగానికి దిగుతుంది. తోకలో జరిగేది మాత్రం అంత నెమ్మదైన మార్పు కాదు. సెకనుకు 1000 మీటర్లు దాటిన అణువులు 300 కెల్విన్ దగ్గర నూటికి ఒకటి. 1200 దగ్గర నూటికి సుమారు 42. మూడు వేగాలు మాత్రమే చూసేవారికి ఈ తేడా కనబడదు.

ఇదంతా కాగితం మీది లెక్కే అనేవారికి 1920 దాకా సూటి జవాబు లేదు. ఆ ఏడాది ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఓటో స్టెర్న్ ప్లాటినం తీగకు వెండి పూసి, గాలి తీసేసిన పాత్రలో వేడి చేశాడు. ఆవిరైన వెండి పరమాణువులు సన్నని చీలిక గుండా పోయి ఎదుటి పలక మీద గీతలా పడ్డాయి. పరికరం మొత్తాన్నీ గిర్రున తిప్పితే, పరమాణువు పలకను చేరేలోపు పలక కాస్త జరిగిపోతుంది, గీత పక్కకు పడుతుంది. నిమిషానికి 1500 చుట్లు, దూరం 6 సెంటీమీటర్లు, వేగం 600 మీటర్లు అనుకుంటే ఆ జరుగుడు మిల్లీమీటరు కన్నా తక్కువ. అందుకే అటూ ఇటూ రెండు దిశల్లోనూ తిప్పి, రెండు గీతల మధ్య ఎడం కొలిచాడు.

కొలిచాక దేనితో పోల్చాలి? స్టెర్న్ మొదట వాయువులోని వర్గ మధ్యమ మూల వేగంతో పోల్చాడు. అలా పోల్చకూడదని ఐన్‌స్టీన్ ఎత్తి చూపాడు. వేగంగా పోయే పరమాణువులు నెమ్మదివాటికన్నా ఎక్కువసార్లు చీలిక దగ్గరకు వస్తాయి కాబట్టి, బయటికి వచ్చే ధారలో వాటి వాటా ఎక్కువ. 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గర వెండి ఆవిరికి పాత్ర లోపల వర్గ మధ్యమ మూల వేగం 584 మీటర్లయితే, ధారలో అది సుమారు 674. స్టెర్న్ అదే ఏడాది అనుబంధ పత్రం రాసి లెక్క సరిచేశాడు. పరికరం అదే, వెండి అదే, ఉష్ణోగ్రత అదే. ఏ గుంపు నుంచి సగటు తీశామన్నదొక్కటే తేడా.

స్టెర్న్ గీత మసకది, వక్రం పూర్తి ఆకారం అందులో కనబడదు. ఆ పని కొలంబియా విశ్వవిద్యాలయంలో మిల్లర్, కుష్ 1955లో చేశారు. మెలికలు తిరిగిన గాడులున్న తిరిగే సిలిండరులోంచి పొటాషియం, థాలియం పరమాణువులను పంపితే ఒక్కో చుట్టు వేగానికి ఒక్కో వేగమున్న పరమాణువులే దాటతాయి. కొలిమిలో ఆవిరి పీడనం ఎక్కువైతే చీలిక ముందే పరమాణువులు గుద్దుకుంటాయి, నెమ్మదివి దారి తప్పుతాయి. వక్రం ఎడమ అంచు లెక్క కన్నా తగ్గితే దోషం అక్కడుందని పోల్చుకోవచ్చు. పీడనం తగ్గించి, చీలిక పెదవులు పలచన చేసి వారు కొలిచినప్పుడు మాక్స్‌వెల్ లెక్క ధారకు చెప్పే వక్రం అక్షరాలా కనబడింది.

ఈ సభలో పాఠాలు చెప్పే మిత్రులు చాలామంది ఉన్నారు. మీకు నాదొక విన్నపం. మూడు సూత్రాలూ బోర్డు మీద రాసేముందు 300, 1200 కెల్విన్ల వక్రాలు రెండూ ఒకే పటం మీద పిల్లల చేత గీయించండి. లెక్క ఇచ్చినప్పుడు, వేగం పాత్ర లోపలి అణువులదా, చీలిక దాటి వచ్చిన ధారదా అని ముందుగా అడగండి.