చివరి స్లైడ్ నుంచి మళ్లీ మొదటి స్లైడ్‌కు: మానుకోట మిర్చి పోస్టు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి నుంచి ఇన్‌స్టా పేజీలు నడిపే తమ్ముళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "అన్నా, చివరి స్లైడ్ అయిపోగానే జనం వెళ్లిపోతున్నరు. మళ్లీ మొదటికి రావాలంటే ఎట్ల?"

ముందు ఒక మాట. ఇన్‌స్టాగ్రామ్‌లో స్లైడ్లు గుండ్రంగా తిరగవు. చివరి దాని దగ్గర వేలు జరిపితే బొమ్మ కొంచెం ఊగి అక్కడే ఆగుతుంది. చివరి స్లైడ్ అంచున సగం మిరపకాయ, మొదటి స్లైడ్ అంచున మిగతా సగం పెట్టేవాళ్లను చూసిన. నేనూ పెట్టిన! ఆ రెండు సగాలు తెరమీద ఎప్పుడూ కలవవు. చూసేవాళ్లు ఒక్కో స్లైడూ వెనక్కి జరుపుకుంటూనే రావాలి. అంత కష్టం ఎందుకు పడాలో మనం చూపించాలి.

మానుకోట మిర్చినే తీసుకుందాం. తాలు కాయ కలిస్తే మార్కెట్‌లో ధర తగ్గుతుందని రైతులకు తెలిసిందే. మొదటి స్లైడ్‌లో పన్నెండు ఎండు కాయలు పరిచి, పక్కన నంబర్లు వేసి, దగ్గరగా ఫోటో పెట్టండి. మీద రాత: "ఇందులో తాలు ఎన్ని?" మధ్యలో మూడు స్లైడ్లు: తెల్లబారిన మచ్చ, తడిసి నల్లబడిన కాయ, రంగు తిరగకుండానే ఎండిన కాయ. ఐదోది చివరిది: "ఇప్పుడు మొదటి ఫోటో మళ్లీ చూడండి. తాలు కాయల నంబర్లు కామెంట్‌లో రాయండి."

మొదటిసారి చూసినప్పుడు అన్నీ ఎర్రగానే కనిపించిన కాయలు, రెండోసారి వేరే తీరుగా కనిపిస్తయి. పని చేసేది అదే. కామెంట్లలో "4, 9" అని నంబర్లు వస్తే వెనక్కి వెళ్లినట్టే. "సూపర్ అన్నా" అని మాత్రమే వస్తే వెళ్లలేదని అనుకోండి.

ఐదు స్లైడ్లంటే వెనక్కి నాలుగు జరుపుళ్లు. పన్నెండు స్లైడ్లు పెడితే పదకొండు, ఎవరూ రారు. వెనక్కి వచ్చేటప్పుడు నాలుగోది మూడోదానికంటే ముందు కనిపిస్తది కదా, అందుకే ఒక వాక్యాన్ని రెండు స్లైడ్ల మీద విరగ్గొట్టొద్దు. మొదటి ఫోటో మీద పెద్ద అక్షరాలు పరిస్తే కాయలే కనపడవు, పైన ఒక్క లైను చాలు.

జనగామ వాళ్లు పెంబర్తి ఇత్తడి రేకుతో ఇట్లనే చేయొచ్చు. ముందు రేకు ముఖం, చివర అదే రేకు వీపు: "ఈ గుంట ముందువైపు ఏ భాగమైంది?"

భూపాలపల్లి తమ్ముడు ఒకరు గణపురం కోటగుళ్ల దారి పోస్టుకూ ఇదే కావాలన్నడు. వద్దని చెప్పిన. దారి వెతుక్కునే మనిషికి చివర దారే దొరకాలి, పొడుపుకథ కాదు.