లైవ్ పెట్టే ముందు క్యాప్షన్ ఎలా రాయాలి? ధర్మవరం పట్టు చీరలతో ఒక ఉదాహరణ

రాప్తాడు నుంచి మాట్లాడుతున్నా. ఈరోజు టాపిక్ చిన్నది. ఇన్‌స్టాలో లైవ్ పెట్టి సరుకు అమ్మేవాళ్ళు, ఆ లైవ్ గురించి ముందుగా వేసే పోస్టు కింద ఏం రాయాలి? టైం, ఏం అమ్ముతున్నాం, రిమైండర్. ఈ మూడే చూద్దాం.

ఉదాహరణకి మా పక్కనున్న ధర్మవరమే తీసుకుందాం. ఒక మగ్గం ఇంట్లో 12 పీసులు రెడీగా ఉన్నాయి అనుకోండి. పట్టుకి, జరీకి పెట్టిన డబ్బంతా వాటిలోనే ఇరుక్కుని ఉంటుంది. లైవ్‌కి జనం రాకపోతే షాపువాళ్ళు చెప్పిన రేటుకి ఇచ్చేయాల్సిందే. కాబట్టి ఆ రోజు 20 మంది వచ్చారా, 200 మంది వచ్చారా అన్నది ఆ ఇంటికి చాలా పెద్ద తేడా.

క్యాప్షన్ మీద ఇంత బరువు ఎందుకు పడిందో కూడా చెప్తా. ఫేస్‌బుక్ తన లైవ్ షాపింగ్ ఫీచర్‌ని 2022 అక్టోబర్ 1న ఆపేసింది. ఇన్‌స్టాగ్రామ్ కూడా లైవ్‌లో ప్రోడక్ట్ ట్యాగ్ చేసే పద్ధతిని 2023 మార్చి 16న తీసేసింది. అంటే లైవ్ నడుస్తుంటే స్క్రీన్ మీద చీర నొక్కి కొనే దారి లేదు. చూసేవాళ్ళు ఏం కొనాలో ముందే అనుకుని రావాలంటే, మన కేటలాగు ఆ క్యాప్షనే.

ముందు టైం సంగతి. ఫీడ్‌లో క్యాప్షన్ మొత్తం కనపడదు. మొదటి ఒకటి రెండు లైన్లు కనపడి, తర్వాత more అని వస్తుంది. చాలామంది దాన్ని నొక్కరు. "అందరికీ నమస్కారం, మీ ఆదరణకి ధన్యవాదాలు" అని మొదలుపెడితే ఆ లైన్లు అక్కడే అయిపోతాయి. టైం లోపల దాక్కుంటుంది.

ఇంకో ముఖ్యమైన మాట. "రేపు రాత్రి లైవ్" అని ఎప్పుడూ రాయొద్దు. మీరు బుధవారం వేసిన పోస్టు కొంతమందికి శుక్రవారం కనపడుతుంది. వాళ్ళకి రేపు అంటే శనివారం. తేదీ, వారం, గంట మూడూ రాయాలి. "ఏడెనిమిదికి వస్తా" అంటే మన ఊళ్ళో టీ కొట్టు దగ్గర నడుస్తుంది, ఫోన్లో నడవదు. 8:00 అంటే 8:00.

మన దగ్గరి చీరలు కొనేవాళ్ళలో కువైట్‌లో, అమెరికాలో ఉన్నవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ టైం కూడా మీరే లెక్కకట్టి రాయండి. ఇక్కడ రాత్రి 8:00 అయితే కువైట్‌లో సాయంత్రం 5:30. డాలస్‌తో జాగ్రత్త. అక్కడ మార్చిలో గడియారం గంట ముందుకి, నవంబర్‌లో గంట వెనక్కి జరుపుతారు. మన రాత్రి 8:00 అక్టోబర్‌లో వాళ్ళకి ఉదయం 9:30, నవంబర్ మధ్యలో 8:30. పాత క్యాప్షన్ కాపీ కొడితే వాళ్ళు గంట లేటుగా వస్తారు. అప్పటికి చీరలు అయిపోయి ఉంటాయి.

రెండోది సరుకు. "అదిరిపోయే కలెక్షన్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఎన్ని ఉన్నాయి, ఏ రకం, ఎంత నుంచి ఎంత దాకా, ఏ టైంకి ఏది చూపిస్తారు, ఇవి చెప్పండి. టైం పంచుకుని రాస్తే పావడ కోసం వచ్చేవాళ్ళు గంటసేపు కూర్చోనక్కర్లేదు. సరిగ్గా 8:40కి వస్తారు.

ఇక్కడ మాట చాలా జాగ్రత్త. ధర్మవరం చేనేత పట్టు చీరలకి, పావడలకి జీఐ గుర్తింపు ఉంది. మరమగ్గం మీద నేసినదాన్ని చేనేత అని రాస్తే అది మోసమే. జరీ కూడా అంతే. అసలు జరీలో వెండి తీగకి బంగారు పూత ఉంటుంది. టెస్టెడ్ జరీలో లోపల రాగి ఉంటుంది. టెస్టెడ్ జరీ అయితే టెస్టెడ్ జరీ అనే రాయండి. తప్పేం లేదు, రేటు దానికి తగ్గట్టు ఉంటుంది. కానీ "ప్యూర్ జరీ" అని రాసి పంపితే చీర వెనక్కి వస్తుంది, ఆ కామెంట్ మాత్రం మీ పేజీలోనే ఉండిపోతుంది. సిల్క్ మార్క్ మాట కూడా చీరకి ఆ లేబుల్ ఉంటేనే రాయాలి.

మూడోది రిమైండర్. "సేవ్ చేసుకోండి" అని రాస్తుంటారు. సేవ్ చేస్తే ఫోన్ ఏమీ గుర్తుచేయదు. "కామెంట్‌లో లైవ్ అని పెట్టండి" అన్నా అంతే, మళ్ళీ మీరే ఒక్కొక్కరికి మెసేజ్ పెట్టాలి. ఇన్‌స్టాలో పోస్టు వేసేటప్పుడు Add reminder అని ఒక ఆప్షన్ ఉంటుంది. అందులో ఈవెంట్ పేరు, మొదలయ్యే టైం ఇస్తే, పోస్టు మీద Remind me బటన్ వస్తుంది. అది నొక్కినవాళ్ళకి మూడుసార్లు నోటిఫికేషన్ వెళ్తుంది: ఒకరోజు ముందు, 15 నిమిషాల ముందు, మొదలయ్యే టైంకి.

దీన్నిబట్టి పోస్టు ఎప్పుడు వేయాలో తెలుస్తుంది. లైవ్ శనివారం రాత్రి 8:00కి అనుకుందాం. శనివారం పొద్దున పోస్టు వేస్తే మొదటి నోటిఫికేషన్ పోయినట్టే. బుధవారం వేస్తే శుక్రవారం రాత్రి ఒకటి, శనివారం 7:45కి ఒకటి, 8:00కి ఒకటి వెళ్తాయి. మీరు మాత్రం 8:00కే మొదలుపెట్టాలి. నోటిఫికేషన్ చూసి వచ్చినవాళ్ళకి అక్కడ ఏమీ కనపడకపోతే మళ్ళీ తిరిగి రారు.

ఇప్పుడు మొత్తం కలిపి రాద్దాం. 2025 నవంబర్ 15, శనివారానికి అయితే ఇలా ఉంటుంది. రేట్లు ఊరికే ఉదాహరణకి వేసినవి.

ధర్మవరం పట్టు లైవ్: నవంబర్ 15, శనివారం, రాత్రి 8:00. Remind me నొక్కండి.
కువైట్ సాయంత్రం 5:30, డాలస్ శనివారం ఉదయం 8:30.
మొత్తం 12 పీసులు, చేతి మగ్గం మీద నేసినవి, టెస్టెడ్ జరీ. ఏదైనా ఒక్కటే పీసు.
8:00 పెళ్ళి చీరలు 5, రూ. 11,000 నుంచి 14,000
8:20 రెండు ఛాయల చీరలు 4, రూ. 8,500 నుంచి 10,000
8:40 పట్టు పావడలు 3, రూ. 4,000 నుంచి 6,000
ప్రతి పీసుకీ ఒక నంబర్ ఉంటుంది. లైవ్‌లో ఆ నంబర్ ముందు కామెంట్ చేసినవాళ్ళకే.
వాట్సాప్ లింక్ బయోలో ఉంది.

లింక్ బయోలో ఎందుకంటే, ఇన్‌స్టా క్యాప్షన్‌లో పెట్టిన లింక్ నొక్కితే తెరుచుకోదు. "Remind me నొక్కండి" అన్నది మొదటి లైన్లోనే ఎందుకంటే, చివర్లో పెడితే more నొక్కనివాళ్ళకి కనపడదు.

క్యాప్షన్ పనిచేసిందా లేదా అని జనం అడిగే ప్రశ్నలే చెప్తాయి. పోస్టు కింద "ఎప్పుడు?" అని అడుగుతుంటే మొదటి లైన్ బాలేదు. లైవ్‌లో "రేటెంత?" అని అదే పనిగా అడుగుతుంటే సరుకు లైన్లు బాలేదు. 8:50కి వచ్చి "అయిపోయిందా అన్నా?" అంటుంటే రిమైండర్ వాళ్ళదాకా పోలేదు. వచ్చే లైవ్‌కి ఆ ఒక్క ముక్కే మార్చండి. టైం మార్చాల్సి వస్తే కొత్త పోస్టు వేసి వదిలేయకండి. పాత పోస్టు మొదటి లైన్ కూడా మార్చండి, లేకపోతే రెండు టైంలు తిరుగుతుంటాయి.

ఒక హద్దు కూడా చెప్పాలి. 2025 ఆగస్టు నుంచి ఇన్‌స్టాలో లైవ్ పెట్టాలంటే పబ్లిక్ అకౌంట్, కనీసం 1,000 మంది ఫాలోవర్లు ఉండాలి. అంత లేనివాళ్ళు యూట్యూబ్ చూడొచ్చు. అక్కడ ఫోన్ నుంచి లైవ్‌కి 50 మంది సబ్‌స్క్రైబర్లు చాలు. లైవ్‌ని ముందే షెడ్యూల్ చేస్తే Notify me బటన్ వస్తుంది. క్యాప్షన్‌లో బటన్ పేరు మార్చి రాయడం మర్చిపోవద్దు. ఇన్‌స్టా పోస్టు కింద "బెల్ కొట్టండి" అని, యూట్యూబ్‌లో Remind me అని రాస్తే జనం ఆ బటన్ కోసం వెతుక్కుంటారు.

మీరు ఏం అమ్ముతున్నా సరే, గానుగ నూనె గానీ, చెనిక్కాయ చిక్కీ గానీ, మీ క్యాప్షన్ మొదటి లైన్ ఒక్కటి కింద కామెంట్‌లో పెట్టండి. తేదీ, గంట, బటన్ మూడూ అందులో ఉన్నాయేమో చూసి చెప్తా. ఉంటా మరి.