సన్న జుట్టుకి క్లిప్-ఇన్ ఎక్స్‌టెన్షన్లు పడతాయా? బరువు, రంగు, లాగుడు: ఎపిసోడ్ పూర్తి పాఠం

ఈ ఎపిసోడ్ భద్రాచలం నుంచి చేస్తున్నాం. పెళ్ళిళ్ళ సీజన్ వచ్చిందంటే పార్లర్‌కి వచ్చే అమ్మాయిలు అడిగే మొదటి ప్రశ్న ఇదే: "అక్కా, నా జుట్టు సన్నం. ఫోన్‌లో క్లిప్-ఇన్‌లు చూశాను, తెప్పించుకోనా? ఉన్న జుట్టు కూడా ఊడిపోతుందా?"

ముందు ఒక తేడా చెప్తాను. సన్న జుట్టు వేరు, పలుచటి జుట్టు వేరు. ఒక్క వెంట్రుక తీసి వేళ్ళ మధ్య పెట్టి రుద్దండి. ఏమీ తగలనట్టుంటే మీది సన్న వెంట్రుక. అవే వెంట్రుకలు తలనిండా ఒత్తుగా ఉండొచ్చు. పలుచన అంటే తల మీద వెంట్రుకల సంఖ్యే తక్కువ. పాపిడి తీస్తే చర్మం వెడల్పుగా కనిపిస్తుంది, పోనీ వేస్తే వేలంత కూడా రాదు. సన్నగా ఉండి ఒత్తుగా ఉన్నవాళ్ళకి క్లిప్-ఇన్‌లు బాగానే పడతాయి. సన్నగానూ పలుచగానూ ఉన్నవాళ్ళకి క్లిప్పు పట్టుకునేదానికి అడుగున ఏమీ ఉండదు, పైన కప్పేదానికీ ఏమీ ఉండదు. వాళ్ళకి నేను వద్దనే చెప్తాను.

ఇంకో రకం వాళ్ళకి కూడా ఇప్పుడు వద్దంటాను. మన ఏజెన్సీ వైపు వానాకాలం వస్తే జ్వరాలు ఎట్లుంటాయో మీకు తెలుసు. మలేరియా, డెంగీ, టైఫాయిడ్, ఏదైనా గట్టి జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకి జుట్టు గుప్పెళ్ళతో ఊడుతుంది. కాన్పు తర్వాత కూడా అంతే. చాలామందికి కొన్ని నెలల్లో అదే తగ్గి కొత్త జుట్టు వస్తుంది. కానీ ఊడే రోజుల్లో క్లిప్పు పెడితే వదులుగా ఉన్న వెంట్రుకలన్నీ దాంతోపాటే వస్తాయి. అది ఆగేదాకా క్లిప్పుల జోలికి పోకండి. రూపాయి బిళ్ళలా ఒకచోటే గుండ్రంగా ఊడితే మాత్రం చర్మం డాక్టర్‌కి చూపించాలి, పార్లర్‌కి కాదు.

ఇక అసలు విషయం. అందరూ క్లిప్పుని తిడతారు గానీ, జుట్టుని పీకేది ఎక్కువగా బరువు. ఒక అమ్మాయి సంగతి చెప్తాను, లెక్క తేలిగ్గా అర్థమవుతుంది.

దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చింది. ఖమ్మంలో వాళ్ళక్క పెళ్ళి. భుజం దాటి కొంచెం కిందికి, ఒక 14 అంగుళాల జుట్టు. వెంట్రుక సన్నం, కానీ ఒత్తు పర్వాలేదు. ఆన్‌లైన్‌లో 24 అంగుళాల సెట్టు తెప్పించుకుంది. నిజం జుట్టే. ఇంట్లో ఒకసారి పెట్టుకుంటే గంటకే తలనొప్పి వచ్చిందట. మేము ఆ సెట్టుని వంటింటి త్రాసు మీద పెట్టాం. మొత్తం 210 గ్రాములు. తొమ్మిది పట్టీలు. అన్నిటికంటే పెద్దదానికి నాలుగు క్లిప్పులు, అదొక్కటే 48 గ్రాములు. అంటే ఒక్కో క్లిప్పు మీద 12 గ్రాములు. క్లిప్పు కరిచి పట్టుకునేది చిన్న పాయ. ఆ పాయలో సన్న వెంట్రుకలుంటే, ఆ 12 గ్రాములు తల తిప్పినప్పుడల్లా వాటినే గుంజుతాయి.

మేం చేసింది రెండే పనులు. ఒకటి, పొడవు 16 అంగుళాలకి కత్తిరించాం. ఆమె జుట్టు 14 ఉన్నప్పుడు 24 పెడితే, కింద పది అంగుళాలు ఎలుకతోకలా వేలాడి ఎక్కడ అతికించారో చూపిస్తుంది. 16 అయితే కలిసిపోతుంది. రెండు, ఆ నాలుగు క్లిప్పుల పట్టీనీ, ఒక్క క్లిప్పువి నాలుగింటినీ పక్కన పెట్టేశాం. మూడు క్లిప్పులవి రెండు, రెండు క్లిప్పులవి రెండు, అంతే వాడాం. మళ్ళీ తూచితే మొత్తం 88 గ్రాములు. పది క్లిప్పులు. ఒక్కోదాని మీద 9 గ్రాముల లోపే. డబ్బులు పెట్టి కొన్నది పక్కన పెట్టడానికి ఆమెకి మనసొప్పలేదు, అది వేరే సంగతి. కొనేటప్పుడే సన్న జుట్టువాళ్ళు 14 నుంచి 16 అంగుళాలు, 100 గ్రాములకి మించకుండా చూసుకుంటే ఈ బాధే ఉండదు. "ఎక్స్‌ట్రా థిక్", "డబుల్ వెఫ్ట్" అని రాసి ఉన్నవి మీకోసం కాదు. పట్టీ పైభాగం పల్చగా ఉందా, క్లిప్పు లోపల మెత్తటి సిలికాన్ పట్టీ ఉందా, ఈ రెండూ చూడండి. సిలికాన్ లేకపోతే సన్న వెంట్రుక మీద క్లిప్పు జారుతుంది. జారుతోందని మనం ఇంకా బిగిస్తాం. నొప్పి అక్కడే మొదలవుతుంది.

జారడం అంటే గుర్తొచ్చింది, మన కొబ్బరినూనె. నూనె తల మీద ఏ క్లిప్పూ నిలవదు. పెట్టుకునే ముందురోజు తలస్నానం చేయండి, కండిషనర్ కుదుళ్ళకి కాకుండా చివర్లకే రాయండి. పెట్టేచోట పాయ తీసి, కుదురు దగ్గర దువ్వెనతో పైనుంచి తల వైపుకి రెండు మూడుసార్లు వెనక్కి దువ్వితే కొంచెం గుబురుగా అవుతుంది. క్లిప్పు ఆ గుబురుని పట్టుకుంటుంది. ఇంకా జారేవాళ్ళకి మా దగ్గర ఇంకో పద్ధతుంది. క్లిప్పు వచ్చేచోట అడ్డంగా, తలకి ఆనించి, సన్నటి జడ ఒకటి వదులుగా అల్లుతాం. క్లిప్పు పళ్ళు ఆ జడలోకి దిగుతాయి. అప్పుడు బరువు నాలుగు వెంట్రుకల మీద కాకుండా జడ మొత్తం మీద పడుతుంది. సన్న జుట్టుకి నాకు తెలిసి ఇంతకంటే మంచి ఆధారం లేదు.

ఎక్కడ పెట్టాలి? మెడ దగ్గర అంచు నుంచి రెండు వేళ్ళు పైకి వదిలి మొదటి పట్టీ. దానిపైన ఇంకో రెండు వేళ్ళకి రెండోది. పైపట్టీ పాపిడికి కనీసం రెండు అంగుళాల కింద ఆగాలి, లేకపోతే గాలికి కనిపిస్తుంది. పక్కలకి రెండు క్లిప్పులవి, చెవి పైన, కానీ కణతల నుంచి వెనక్కి జరిపి. కణతల దగ్గర, నుదుటి అంచున ఎప్పుడూ పెట్టకండి. అక్కడివి బలహీనమైన వెంట్రుకలు. ఏళ్ళ తరబడి లాగితే ఆ అంచు వెనక్కి పోతుంది, చాలాకాలం లాగుడు పడ్డ కుదురు మళ్ళీ మొలిపించకపోవచ్చు కూడా. గట్టిగా లాగి జడ వేసుకునే పెద్దవాళ్ళ నుదురు చూడండి, అర్థమవుతుంది.

పట్టీకి మధ్య క్లిప్పు ముందు నొక్కి, తర్వాత పక్కవి. పక్క క్లిప్పులు పెట్టేటప్పుడు పట్టీని సాగదీయొద్దు. తల వంకరకి తగ్గట్టు కాస్త వదులుగా ఉండాలి. అన్నీ పెట్టాక గడ్డం ఛాతీకి ఆనించండి, కనుబొమలు పైకెత్తండి. ఎక్కడైనా చర్మం గుంజితే ఆ ఒక్క క్లిప్పు తీసి అర అంగుళం కిందికి మార్చండి. "కాసేపట్లో అలవాటైపోతుందిలే" అనుకోవద్దు. నొప్పి అలవాటు కాదు, కుదురు దెబ్బతింటుంది. తీసేటప్పుడు ఒక చేత్తో కుదురు పట్టుకుని, క్లిప్పు పూర్తిగా తెరిచాకే లాగాలి. తీశాక అక్కడ ఎర్రటి చిన్న పొక్కులు, ముట్టుకుంటే నొప్పి, విరిగిన పొట్టి వెంట్రుకలు కనిపిస్తే కొన్ని వారాలు మానేయండి. నిద్రలో అస్సలు వద్దు. దుమ్ముగూడెం అమ్మాయికి ఇంకోటి కూడా చెప్పాం: బస్సులో పెట్టుకుని పోవద్దు, సీటుకి తల ఆనిస్తే క్లిప్పులు దారంతా గుచ్చుతాయి. ఖమ్మం చేరాక, రిసెప్షన్‌కి ముందు పెట్టుకుంది.

ఇప్పుడు రంగు. "మనది నలుపే కదా" అని అందరూ 1 నంబర్ తెప్పిస్తారు. అది కాటుక నలుపు, ఎండలో నీలంగా మెరుస్తుంది. మనలో చాలామంది జుట్టు ఎండలో చూస్తే కొంచెం గోధుమ కలిసిన నలుపు. దానికి 1బి దగ్గరగా ఉంటుంది. చివర్లు ఎండకి వెలిసినవాళ్ళకి 2 నంబర్, అంటే బాగా ముదురు గోధుమ, సరిపోవచ్చు. చూసే పద్ధతి ఇది: నూనె లేని, ఆరిన జుట్టు, పగటి వెలుగులో గుమ్మం దగ్గర నిలబడి, చివర్లతో పోల్చండి. కుదుళ్ళతో కాదు, ఎందుకంటే పట్టీ కలిసేది చివర్ల దగ్గర. ట్యూబ్‌లైట్ కింద అన్నీ ఒకటే నలుపు. నూనె జుట్టు అసలు కంటే ముదురుగా కనిపిస్తుంది. ఫోన్ కెమెరా కూడా రంగు మారుస్తుంది కాబట్టి అమ్మేవాళ్ళకి ఫొటో పంపేటప్పుడు ఫిల్టర్ తీసేసి నీడపట్టున తీయండి. గోరింటాకు పెట్టే అలవాటుంటే ఆ ఎరుపుకి సరిగ్గా సరిపోయే నంబర్ దొరకడం కష్టం. లేతగా ఉన్న నిజం జుట్టు కొని పార్లర్‌లో రంగు ముదురు చేయించుకోవచ్చు. ముదురుది కొని లేత చేయాలంటే మాత్రం జుట్టు పాడవుతుంది. ప్లాస్టిక్ జుట్టుకైతే రంగు పట్టదు, మామూలు స్ట్రెయిట్‌నర్ వేడికి కరుగుతుంది కూడా. అనుమానం ఉంటే ఒక్క వెంట్రుక తీసి, సింకు దగ్గర, పట్టకారుతో పట్టి కాల్చి చూడండి. నిజందైతే కాలిన జుట్టు వాసన వచ్చి పొడి అవుతుంది, ప్లాస్టిక్‌ది గట్టి ముద్దగా కరుగుతుంది.

చివరగా ముహూర్తం జడ. ఆ అమ్మాయి అడిగింది, అవే క్లిప్పులతో పొడుగు జడ వేసి పూలు పెట్టొచ్చా అని. వద్దన్నాం. జడ బరువు, మల్లెదండల బరువు అంతా కింది పట్టీ క్లిప్పుల మీదే పడుతుంది. దానికి మన సవరమే మేలు. అమ్మమ్మల కాలం నుంచి ఉన్నదే. మెడ దగ్గర వదులుగా ఒక పోనీ వేసి, సవరం ఉచ్చు ఆ పోనీ చుట్టూ తిప్పి, దాని మూడు పాయలూ మన మూడు పాయలతో కలిపి అల్లాలి. బరువు పోనీ మొత్తం పంచుకుంటుంది. నుదుటి దగ్గర దువ్వెనతో బిగించకుండా, వేళ్ళతో కొంచెం వదులు చేస్తే ముందు అంచు కూడా లాగదు. పొద్దున సవరం జడ, సాయంత్రం విడి జుట్టుకి ఆ 88 గ్రాముల క్లిప్పులు, నాలుగు గంటలు. తలనొప్పి లేదని మర్నాడు ఫోన్ చేసి చెప్పింది.

వచ్చే ఎపిసోడ్‌లో సవరం ఎట్లా ఉతకాలి, చిక్కు పడకుండా ఎట్లా దాచాలి అనేది చూపిస్తాను. ఉంటానండి.