కాపడమా, ఐసా? ముందు చెయ్యి పెట్టి చూడండి

(సార్వా ఊడ్పులకు ముందు జరిగిన రైతు, కూలీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కాలవలకు నీళ్లొస్తే ఊడ్పులు మొదలవుతాయి. ఆ తర్వాత నెల రోజులు ప్రతి ఇంట్లోనూ నడుము పట్టేసింది, మోకాలు లేవనివ్వడం లేదు, కాలు బెణికింది అనే మాటలే వినబడతాయి. ఒకళ్లు ఉప్పు మూట కాపడం పెట్టమంటారు, ఇంకొకళ్లు ఐసు పెట్టమంటారు. రెండూ మంచివే, కానీ దేనికి ఏది పెట్టాలన్న దగ్గరే పొరపాటు పడుతున్నాం. మూడు రోజుల్లో తగ్గాల్సిన దెబ్బ పది రోజులు మంచం మీద కూర్చోబెడితే ఆ కూలీ మనకెవరూ ఇవ్వరు. అందుకే ఈరోజు గిట్టుబాటు ధర సంగతి కాసేపు పక్కన పెట్టి ఈ ఒక్క విషయం మాట్లాడతాను.

గుర్తుపెట్టుకోవలసింది చిన్న పరీక్ష. నొప్పి ఉన్న చోట మీ అరచేతి వెనక భాగం ఆనించి చూడండి. తర్వాత రెండో కాలు మీదో, రెండో చెయ్యి మీదో అదే చోట ఆనించండి. నొప్పి ఉన్న వైపు వెచ్చగా ఉండి, ఉబ్బి కూడా ఉంటే దానికి చల్లదనం కావాలి. రెండు వైపులా ఒకేలా ఉండి, వాపు లేకుండా బిగుసుకుపోయి ఉంటే దానికి వేడి కావాలి. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా ఈ రెండు మాటల వివరణే.

నిరుడు మా ఊళ్లో జరిగింది చెబుతాను. నారు కట్ట నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడుస్తున్న ఒక చెల్లెమ్మకు కాలు జారి చీలమండ మెలిపడింది. కాసేపు కూర్చుని, లేచి, సాయంత్రం దాకా బురదలోనే పనిచేసింది. ఇంటికెళ్లాక ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ వావిలాకు వేసి కాచిన వేడినీళ్లు పోశారు, నూనె రాసి గట్టిగా పిసికారు. తెల్లారేసరికి చీలమండ రెండింతలయింది, చెప్పు పట్టలేదు. పది రోజులు పనికి రాలేకపోయింది. ఎకరాకు ఇంత అని ముఠా గుత్తకు తీసుకున్న పని కాబట్టి ఆ పది రోజుల వాటా మొత్తం పోయింది.

లోపల ఏం జరిగిందంటే, కాలు మెలిపడినప్పుడు ఎముకల్ని పట్టి ఉంచే నారల్లో కొన్ని పోగులు తెగుతాయి. వాటితోపాటు సన్నని రక్తనాళాలూ తెగుతాయి. అక్కడ రక్తం, నీరు చేరుతుంది. అదే వాపు. వేడి తగిలితే రక్తనాళాలు విచ్చుకుంటాయి, రక్తం ఇంకా ఎక్కువగా వస్తుంది. తూము తెంచుకున్న చోట గేటు ఇంకా ఎత్తినట్టన్నమాట. చల్లదనం తగిలితే నాళాలు ముడుచుకుంటాయి, నొప్పిని మోసే నరాలు మందగిస్తాయి. కాబట్టి దెబ్బ తగిలిన మొదటి రెండు రోజులు కాపడం వద్దు, వేడినీళ్లు వద్దు, పిసకడం అసలే వద్దు.

ఆ చెల్లెమ్మకు ఏం చేసి ఉండాల్సింది? కాలు మెలిపడిన వెంటనే పని ఆపించాలి. నాలుగు అడుగులు వేయగలదేమో చూడాలి. చీలమండకు రెండు వైపులా ఉబ్బెత్తుగా ఉండే ఎముకల మీద, వాటి వెనక అంచు మీద వేలితో నొక్కాలి. నాలుగు అడుగులు కూడా వేయలేకపోయినా, ఎముక మీద నొక్కితే ప్రాణం పోయినట్టున్నా అది బెణుకని అనుకోకూడదు. ఎముక విరిగి ఉండొచ్చు, ఎక్స్‌రే తీయించాలి. నడవగలిగి, నొప్పి ఎముక పక్కన మెత్తటి చోట ఉంటే ఇంటి వైద్యం మొదలుపెట్టవచ్చు.

ఐసుకు పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. కూల్‌డ్రింకుల కొట్లో అడిగితే ముక్కలిస్తారు. ఫ్రిజ్ ఉన్న ఇంట్లో నీళ్ల ప్యాకెట్లు రెండు గడ్డకట్టించి పెట్టుకున్నా చాలు. ఐసును నేరుగా చర్మం మీద పెట్టకూడదు, చర్మం కాలినట్టే పాడవుతుంది. తడిపి పిండిన తువ్వాలులో చుట్టి పెట్టాలి. పది నుంచి పదిహేను నిమిషాలు చాలు. మొదట చల్లగా, తర్వాత మంటగా, తర్వాత సలుపుగా, చివరికి తిమ్మిరిగా అనిపిస్తుంది. తిమ్మిరి రాగానే తీసేయాలి. చర్మం తెల్లబడితే అంతకుముందే తీసేయాలి. మొదటి రెండు రోజులు మెలకువగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలకోసారి ఇలా చేయాలి. కట్టుకుని నిద్రపోకూడదు. ఐసు దొరకని చోట కుండ నీళ్లలో తడిపిన గుడ్డ వేసి, వెచ్చబడగానే మళ్లీ తడుపుతూ ఉండండి. ఐసంత పనిచేయదు గానీ కొంత ఉపశమనం ఇస్తుంది.

ఐసు తీశాక సాగే బ్యాండేజీ వేళ్ల దగ్గర నుంచి పైకి చుట్టాలి. వేళ్లు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా కట్టు వదులు చేయాలి. పడుకున్నప్పుడు కాలు కింద రెండు దిళ్లు పెట్టి గుండె కంటే ఎత్తులో ఉంచాలి. మూడో రోజుకు వాపు తగ్గుతుంటే పాదంతో గాలిలో అక్షరాలు రాసినట్టు మెల్లగా కదిలించడం మొదలుపెట్టాలి. అప్పుడు చెయ్యి వెనక పెట్టి చూస్తే వేడి ఉండదు, బిగువు మాత్రమే ఉంటుంది. ఆ బిగువుకు గోరువెచ్చటి నీళ్లు పనికొస్తాయి. అంటే అదే కాలికి ముందు చల్లదనం, తర్వాత వేడి. వావిలాకు నీళ్లు చెడ్డవి కావు, అవి రావలసిన రోజు కంటే ముందే వచ్చాయి.

ఐసు గురించి ఒక పరిమితి కూడా చెప్పాలి. విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తు అనే సూత్రాన్ని 1978లో రాసిన అమెరికా డాక్టరు గేబ్ మిర్కిన్ 2014లో తన మాట తానే సవరించుకున్నారు. ఐసూ, పూర్తిగా కదలకుండా ఉండటమూ దెబ్బ మానడాన్ని ఆలస్యం చేయవచ్చని రాశారు. కాబట్టి ఐసు నొప్పిని ఓర్చుకోవడానికే గానీ మానడానికి మందు కాదు. మొదటి ఒకటి రెండు రోజులు దాటాక దాన్ని పట్టుకుని కూర్చోనక్కర్లేదు.

ఇప్పుడు వేడి సంగతి. ఊడ్పుల మొదటి రోజు వంగి వంగి పనిచేశాక, మర్నాడు తొడలు, పిక్కలు, నడుము పుండులా ఉంటాయి. ఇది దెబ్బ కాదు. అలవాటు తప్పిన కండరం పనిచేస్తే ఒకటి నుంచి మూడు రోజుల వరకు ఎక్కువగా ఉండి, తనంతట తానే తగ్గే నొప్పి. దీనికి సాయంత్రం వేడినీళ్ల స్నానం హాయినిస్తుంది. కొందరికి చల్లదనమే హాయిగా ఉంటుంది, అదీ తప్పు కాదు. వేడీ చల్లదనమూ రెండూ సుఖాన్నే ఇస్తాయి, దీన్ని తగ్గించేది మాత్రం మెల్లగా నడవడం, కదలడం. మేస్త్రీలు గమనించాలి, మొదటి రోజే పూర్తి పని పెట్టి, మూడో రోజుకు సగం మందిని పోగొట్టుకోవడం కంటే మొదటి రెండు రోజులు పని కాస్త తగ్గించడం మేలు.

వేడి నిజంగా అవసరమయ్యేది పట్టేసిన నడుముకు, బిగుసుకున్న మెడకు, పాత మోకాలి నొప్పికి. నొప్పి ఉన్న చోటును కాపాడుకోవడానికి కండరం రాయిలా బిగుసుకుంటుంది. వెచ్చదనం తగిలితే సడలుతుంది, కీలు తేలిగ్గా వంగుతుంది. ఉప్పు మూటైనా, వేడినీళ్ల బ్యాగైనా, వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలైనా పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టండి. ముందు మణికట్టు లోపలి వైపు పెట్టి చూడండి. అక్కడ ఓర్చుకోలేకపోతే మోకాలికీ వద్దు. వేడి వల్ల వచ్చిన సడలింపు ఎక్కువసేపు ఉండదు. అందుకే కాపడం పెట్టి మంచం మీద పడుకుంటే ఫలితం సగం పోతుంది. వెంటనే మోకాలు పదిసార్లు మడిచి చాపండి, నాలుగు అడుగులు వేయండి, అప్పుడు చేలోకి వెళ్లండి. మోకీళ్లు అరిగినవాళ్లకు పొద్దున్నే పనికి ముందు పెట్టుకున్న కాపడం బాగా పనికొస్తుంది. అదే మోకాలు ఒకరోజు బరువు మోసి ఉబ్బి, వెచ్చగా మారితే ఆ రోజుకు మళ్లీ చల్లదనమే. పాత నొప్పి కదా అని అలవాటుగా కాపడం పెట్టకండి, ప్రతిసారీ చెయ్యి పెట్టి చూడండి.

షుగరు ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినాలి. ఏళ్ల తరబడి షుగరుంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. వేడి ఇటుక పెట్టినా కాలిన సంగతి తెలియదు. పొద్దున చూస్తే బొబ్బ, పది రోజులకు పుండు, ఆ తర్వాత వేలే తీసేయాల్సి రావచ్చు. స్పర్శ లేని పాదానికి వేడీ వద్దు, ఐసూ వద్దు. ఇంకొక మాట, బామ్ రాసి దాని మీద కాపడం పెట్టకండి, చర్మం కాలిపోతుంది.

ఈ రెండింటికీ లొంగనివి కొన్ని ఉన్నాయి. జ్వరంతో పాటు ఒకే కీలు ఎర్రగా, నిప్పులా ఉబ్బితే అదే రోజు ఆసుపత్రికి పోవాలి, లోపల చీము పట్టి ఉండొచ్చు. రెండు చేతుల వేళ్ల కీళ్లు రోజూ పొద్దున గంటకు పైగా బిగుసుకుని, వాచి ఉంటే అది పని వల్ల వచ్చిన నొప్పి కాకపోవచ్చు, కీళ్లవాతం పరీక్షలు చేయించాలి. ఒక్క పిక్క మాత్రమే వాచి, వెచ్చగా ఉండి, నొప్పి పెడితే రక్తం గడ్డకట్టిందేమో చూపించాలి, పిసకకూడదు. గట్టు మీద ఏదో కరిచి కాలు వాస్తే అది పాము కాటు కావచ్చు. దానికి ఐసు, కాపడం, బిగించి కట్టడం ఏవీ వద్దు. కాలు కదల్చకుండా వెంటనే పాము విషానికి విరుగుడున్న ఆసుపత్రికి చేర్చాలి.

చివరిగా ఒక మాట. దెబ్బ తగిలిన సాయంత్రమే నొప్పి సూది వేయించుకుని మర్నాడు బురదలోకి దిగేవాళ్లు మనలో ఉన్నారు. నొప్పి ఆగుతుంది గానీ తెగిన పోగు అతుక్కోదు. అదే కాలు మళ్లీ మెలిపడుతుంది. కూలీ పోతుందన్న భయమే వాళ్లను అలా దింపుతోంది. కాబట్టి ఈ సార్వాకు మన ముఠాల్లో రెండు కట్టుబాట్లు పెట్టుకుందామని ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, పని మధ్యలో దెబ్బ తగిలినవాళ్లకు ఆ రోజు వాటా పూర్తిగా, తర్వాతి రెండు రోజుల వాటా సగం ఇవ్వాలి. రెండు, ప్రతి ముఠా మేస్త్రీ సంచిలో రెండు సాగే బ్యాండేజీలు, ఒక తువ్వాలు ఉండాలి. ఐసు ఏ కొట్లో దొరుకుతుందో ముందే కనుక్కుని ఉండాలి. దీని మీద మీ అభిప్రాయాలు చెప్పండి, ఊడ్పులు మొదలవ్వకముందే తీర్మానం చేసుకుందాం.