తాళం చెప్పే సాక్ష్యం

ఒకే వీధిలో రెండిళ్లలో దొంగతనం జరిగిందనుకుందాం. మొదటి ఇంట్లో తలుపు గడియ వంగి, మరలు చెక్కతో సహా ఊడివచ్చాయి. రెండో ఇంట్లో పూలకుండీ కింద దాచిన తాళంచెవితోనే దొంగ తలుపు తీశాడు. నష్టం ఇద్దరిదీ. కానీ 'బలప్రయోగంతో ప్రవేశించాలి' అనే షరతున్న బీమా పాలసీ మొదటి ఇంటికే పరిహారమిస్తుంది. ఇలాంటి షరతును పాలసీలో రాసి ఉన్నట్లే అన్వయించాలని 2004లో సుప్రీంకోర్టు ఒక వ్యాపారి కేసులో తీర్పు చెప్పింది.

బలప్రయోగం జరిగిందని తెలిసేదెలా? ఇనుప కడ్డీతో మీటితే చెక్క మీద నొక్కు పడుతుంది, లోహం మీద కొత్త గీతలు మెరుస్తాయి. బీమా సర్వేయరు వెతికేది వీటినే. అందుకే ముందు పోలీసులకు ఫిర్యాదు చేసి ఎఫ్‌.ఐ.ఆర్‌. నకలు తీసుకోవాలి, బీమా కంపెనీకి ఆలస్యం లేకుండా తెలపాలి. సర్వేయరు చూసేదాకా విరిగిన తాళాన్ని పారేయకూడదు. తలుపును వెంటనే బాగుచేయించక తప్పకపోతే, ముందు ఫోటోలు తీసి, పాత భాగాలను భద్రపరచాలి. పోయిన వస్తువుల జాబితా, కొన్ననాటి రసీదులు జతచేయాలి. దొంగ దొరకకపోతే, ఆ సంగతి తెలిపే పోలీసుల తుది నివేదికనూ కంపెనీ అడుగుతుంది. జాబితా ఏం పోయిందో చెబుతుంది. దొంగ ఎలా వచ్చాడో చెప్పేది ఆ విరిగిన తాళమే.