ఫైబర్ పెట్టెలో ఎర్రదీపం: ఫోను చేసే ముందు చూసుకోవలసినవి
(సంఘం మాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గత రెండు మూడు సమావేశాలలో టీ విరామ సమయాన నన్ను ఎక్కువ మంది అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఇంట్లో ఇంటర్‌నెట్ పెట్టెలో ఎర్రదీపం మిణుకు మిణుకు మంటోంది. కంపెనీ వాళ్లకు ఫోను చేస్తే ఆఫ్ చేసి ఆన్ చెయ్యమంటారు. ఎన్నిసార్లు చేసినా అంతే. ఏమిటది?" అని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే కన్నా అందరికీ ఒక్కసారి చెప్పడం మేలని కార్యదర్శి గారు ఈ అవకాశం ఇచ్చారు.

ముందుగా ఆ పెట్టె చేసే పని ఏమిటో చూద్దాం. మన పాత టెలిఫోనుకు రాగి తీగ ఉండేది. ఆ తీగలో ఎక్స్ఛేంజి బ్యాటరీ నుంచి కరెంటు వచ్చేది. అందుకే ఊరంతా చీకటైనా ఫోను మాత్రం మోగేది. ఇప్పుడు వచ్చేది గాజు తీగ. దానిలో కరెంటు రాదు, వెలుతురు వస్తుంది. ఆ వెలుతురు మన కంటికి కనిపించే రకం కాదు. ఎక్స్ఛేంజిలోని యంత్రం నుంచి బయలుదేరి, వీధి చివర ఒక చిన్న డబ్బాలో ముప్ఫై రెండు పాయలుగానో, అరవై నాలుగు పాయలుగానో చీలి, అందులో ఒక పాయ మన ఇంటికి వస్తుంది. గోడ మీది పెట్టె ఆ వెలుతురును తిరిగి కరెంటు సంకేతంగా మార్చి కంప్యూటరుకు, టీవీకి, ఫోనుకు అందిస్తుంది.

ఈ పెట్టె మీద వరసగా దీపాలుంటాయి. కంపెనీని బట్టి కొద్ది తేడాలున్నా మనకు ముఖ్యమైనవి నాలుగే. మొదటిది పవర్. రెండోది పి.ఓ.ఎన్. అని మూడక్షరాలుంటుంది. మూడోది ఎల్.ఓ.ఎస్. నాలుగోది ఇంటర్‌నెట్. మనల్ని కంగారు పెట్టే ఎర్రదీపం చాలావరకు ఈ ఎల్.ఓ.ఎస్.దే. దానికి అర్థం సంకేతం పోయిందని. అంటే గాజు తీగలో రావలసిన వెలుతురు పెట్టె దాకా రావడం లేదు, లేదా పెట్టెకు చాలనంత మసగ్గా వస్తోంది. అంతకు మించి ఆ దీపం ఇంకేమీ చెప్పదు. వెలుతురు ఎక్కడ ఆగిందో చెప్పదు. సోఫా వెనక ఆగిందా, రెండు కిలోమీటర్ల అవతల రోడ్డు తవ్వేవాడి గునపం కింద ఆగిందా అన్నది మనం ఊహించుకోవలసిందే.

ఇక్కడ ఒక మాట. ఎర్రదీపం ఎక్కడ వెలిగిందో చూడకుండా "రెడ్ లైట్ వచ్చింది" అని ఊరుకుంటే లాభం లేదు. ఎల్.ఓ.ఎస్. దీపం ఆరిపోయి, పి.ఓ.ఎన్. పచ్చగా నిలకడగా ఉండి, ఇంటర్‌నెట్ దీపం మాత్రమే ఎర్రగా ఉన్నదనుకోండి. అప్పుడు తీగ బాగానే ఉన్నట్టు. నెల డబ్బు గడువు దాటడమో, కంపెనీ కంప్యూటరు మన ఖాతాను ఒప్పుకోకపోవడమో కారణం. దానికి తీగలు కదిలించి ప్రయోజనం లేదు, బిల్లు చూసుకోవాలి. అలాగే ఎల్.ఓ.ఎస్. ఆరి, పి.ఓ.ఎన్. మాత్రం ఆగకుండా మిణుకుతూ ఉంటే వెలుతురు వస్తోంది గాని ఎక్స్ఛేంజి యంత్రం మన పెట్టెను గుర్తించడం లేదని అర్థం. అది కంపెనీ వాళ్లు తమ వైపు నుంచి సరిచేయవలసినది. అసలు ఏ దీపమూ లేకపోతే అడాప్టరు సంగతి చూడాలి. ఈ రోజు మాట్లాడదలచుకున్నది ఎల్.ఓ.ఎస్. ఎర్రగా ఉండి, పి.ఓ.ఎన్. ఆరిపోయిన సందర్భం గురించి.

ఒక ఉదాహరణ చెబుతాను. మన సభ్యులొకరు, పేరు వద్దు, దసరాకు ముందు ఒక శనివారం సాయంత్రం నాకు సెల్ ఫోనులో మాట్లాడారు. ఆయన భార్యకు గుండె జబ్బు. ఇంట్లో ల్యాండ్‌లైనూ ఈ పెట్టె మీదే నడుస్తుంది. పిల్లలకు, డాక్టరు గారికి, పక్కవీధి మేనల్లుడికి ఇచ్చిన నంబరు అదే. మధ్యాహ్నం నుంచి ఎర్రదీపం, ఫోనులో చప్పుడు లేదు. కంపెనీ వారు సోమవారం మనిషిని పంపిస్తామన్నారట. "రెండు రాత్రులు ఫోను లేకుండా ఎట్లాగండీ?" అన్నారు. ఆ గొంతులో ఇంటర్‌నెట్ గురించిన బెంగ లేదు, ఇంకొక భయం ఉంది.

మొదట నేను అడిగింది పై వాటాలో అదే కంపెనీ కనెక్షన్ ఉన్నవారి పెట్టె ఎలా ఉందని. పనిచేస్తోందన్నారు. ఈ ఒక్క ప్రశ్న చాలా దూరం తీసుకుపోతుంది. చుట్టుపక్కల వారందరికీ ఎర్రదీపమే వస్తే పెద్ద తీగ తెగినట్టు, మనం ఇంట్లో ఏమి చేసినా రాదు. పక్కవారికి బాగుండి మనకొక్కరికే పోతే లోపం వీధి డబ్బా నుంచి మన పెట్టె దాకా ఉన్న ముక్కలోనే ఎక్కడో ఉండే అవకాశం ఎక్కువ. వేరే కంపెనీ వారిని అడిగితే మాత్రం ఈ పరీక్ష చెల్లదు.

రెండో ప్రశ్న: ఎప్పుడు పోయింది, ఆ పూట ఇంట్లో ఏమి జరిగింది? ఆయన కాసేపు ఆలోచించి, పండగకు ఇల్లు దులిపామన్నారు. బీరువా జరిపి, మళ్లీ గోడకు నెట్టారట. బీరువా పక్కనుంచే పసుపుపచ్చ సన్న తీగ పెట్టెలోకి వెళుతుంది.

గాజు తీగ స్వభావం ఇక్కడ కాస్త తెలియాలి. రాగి తీగను మడిచినా కరెంటు పోతుంది. గాజు తీగలో వెలుతురు మెలిక దగ్గర బయటికి కారిపోతుంది. తీగ తెగనక్కర లేదు, గట్టిగా వంగితే చాలు. టీ గ్లాసు చుట్టూ చుట్టినంత వెడల్పు మెలిక ఉంటే ఫరవాలేదు. అంతకన్నా చిన్నగా, ముఖ్యంగా మూలలో నొక్కుకుపోయి మడత పడితే ప్రమాదం. పురికొసతో గట్టిగా బిగించి కట్టడం, తలుపు సందులోంచి తీయడం, మేకు కొట్టి దాని మీద నుంచి వేలాడదీయడం, ఇవన్నీ అలాంటివే.

బీరువాను ఒక జానెడు ముందుకు లాగించాను. తీగ గోడకూ బీరువాకూ మధ్య నలిగి ఉంది. మెల్లగా వదులు చేసి పెద్ద చుట్టగా పెట్టమన్నాను. లాగవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. తరువాత తీగ చివర పచ్చ రంగు ప్లగ్గు పెట్టెలోకి పూర్తిగా దిగి ఉందో లేదో వేలితో మెల్లగా నొక్కి చూడమన్నాను. సరిగా కూర్చుంటే టక్కుమని చిన్న చప్పుడు వస్తుంది. ఆ పూట చప్పుడు రాలేదు, అంటే ముందే సరిగా ఉందన్నమాట. అయిదు నిమిషాల లోపలే ఎర్రదీపం ఆరింది, పి.ఓ.ఎన్. కాసేపు మిణికి నిలకడగా పచ్చబడింది. ల్యాండ్‌లైను మోగింది, మోగించింది నేనే లెండి.

మర్నాడు వాళ్లింటికి వెళ్లి చూశాను. పెట్టె అడుగున అంటించిన చీటీలో చిరునామా, వాడుకరి పేరు, సంకేతపదం ఉంటాయి. చాలా పెట్టెలకు ఆ చిరునామా 192.168.1.1. ఇంటి వై-ఫైలో ఉన్న కంప్యూటరులో దాన్ని కొడితే, కొన్ని పెట్టెలు అందుతున్న వెలుతురు ఎంతో అంకెలో చూపుతాయి. ఆయన పెట్టెలో మైనస్ 21 ఉంది. బీరువాను మళ్లీ వెనక్కి నెట్టించి చూస్తే మైనస్ 32 అయింది, ఎర్రదీపం వచ్చింది. ఈ అంకెలు వింత లెక్క. మైనస్ పక్కన అంకె పెరిగే కొద్దీ వెలుతురు తగ్గుతుంది. మూడు పెరిగితే వెలుతురు సగమవుతుంది, పది పెరిగితే పదో వంతు. ఈ పదకొండు తేడాకు వెలుతురు సుమారు పదమూడో వంతుకు పడిపోయింది. ఇలాంటి పెట్టెలు సాధారణంగా మైనస్ 27 దాకా తట్టుకుంటాయి. ఈ పేజీలో ఇంకేదీ మార్చవద్దు, చూసి బయటికి రండి.

ఈ ఇంట్లో అదృష్టవశాత్తూ మెలిక చేతికందే చోట ఉంది. ఎలుక కొరికినా, కోతులు స్తంభం మీది తీగను లాగినా, చెట్టు కొమ్మలు కొట్టేవారు దానితో పాటు తీగనూ కొట్టినా మన చేతిలో ఏమీ లేదు. లైన్‌మన్ వచ్చి మీటరు పెట్టి చూసి, తెగిన చోట యంత్రంతో గాజును కరిగించి అతకాలి. దాన్ని టేపు చుట్టి అతికించాలని చూడవద్దు.

చేయకూడనివి మూడున్నాయి. ప్లగ్గును బయటికి తీసి కొనను కంటికి దగ్గరగా పెట్టుకుని చూడవద్దు. అవతల నుంచి లేజర్ వెలుతురు వస్తూ ఉంటుంది, కనిపించదు కాబట్టి కన్ను రెప్ప వేయదు. ఆ కొనను వేలితో ముట్టవద్దు, ధోవతి కొంగుతో తుడవవద్దు, నోటితో ఊదవద్దు. వెలుతురు నడిచే దారి మన వెంట్రుకలో ఎన్నో వంతు సన్నం, దుమ్ము కణం ఒక్కటి చాలు దాన్ని మూయడానికి. మూడోది, పెట్టె వెనక సూదితో నొక్కే రీసెట్ రంధ్రం జోలికి పోవద్దు. దాన్ని నొక్కి పట్టుకుంటే కంపెనీ వారు పెట్టిన అమరికలన్నీ చెరిగిపోవచ్చు, అప్పుడు ఒక లోపం రెండవుతుంది. ఆఫ్ చేసి ఒక నిమిషం ఆగి ఆన్ చేయడం వేరు, అది ఒక్కసారి చేస్తే చాలు. తెగిన తీగకు అది మందు కాదు.

ఇంతా చూసుకున్నాక కూడా ఎర్రదీపం పోకపోతే అప్పుడు ఫోను చేయండి. "నెట్ రావడం లేదు" అని కాకుండా ఇలా చెప్పండి: "ఎల్.ఓ.ఎస్. దీపం ఎర్రగా ఉంది, పి.ఓ.ఎన్. ఆరిపోయింది, ఉదయం పదింటి నుంచి. పై వాటాలో మీ కనెక్షనే బాగుంది. తీగ మెలికలు చూశాను, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశాను." ఇలా చెబితే అవతలి వారు మనల్ని మళ్లీ అవే మెట్లు ఎక్కించరు, లైన్‌మన్‌నే పంపడం తేలిక. ఫిర్యాదు నంబరు అడిగి, తేదీ, వేళతో సహా రాసుకోండి. లైన్‌మన్‌కు చెప్పవలసిన ఇంకో మాట, తీగ కొత్తగా అతికినప్పుడు రెండు మూడు చుట్లు అదనంగా వదిలి వెళ్లమనండి. మళ్లీ తెగితే అతకడానికి అవే పనికొస్తాయి.

ల్యాండ్‌లైను మీదే ఆధారపడిన వారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కరెంటు పోతే ఈ పెట్టె ఆగుతుంది, పెట్టెతో పాటే ఫోనూ ఆగుతుంది. పెట్టెకు తగిన వోల్టేజీ ఇచ్చే చిన్న బ్యాకప్ బ్యాటరీలు దుకాణాల్లో దొరుకుతున్నాయి. చాలా పెట్టెలకు 12 వోల్టులు, అడాప్టరు మీద రాసి ఉంటుంది, అది చూసి కొనండి. నేను చెప్పిన మిత్రుడు ఆ బ్యాటరీతో పాటు డాక్టరు గారికి తన సెల్ నంబరు కూడా ఇచ్చి వచ్చారు.